టెస్ట్ పదిన్నరకైతే ఎనిమిదింటికే రమ్మనడం ఎందుకు

"అన్నా, మా ప్లేస్‌మెంట్ సెల్ గ్రూపులో నోటీసు పెట్టారు. శనివారం పూల్ డ్రైవ్, హసన్‌పర్తి వైపు వేరే కాలేజీలో. రిపోర్టింగ్ 8:00, గేట్ క్లోజ్ 9:00, టెస్ట్ 10:30, టైం 90 నిమిషాలు. హాల్ టికెట్ ప్రింట్, ఒరిజినల్ ఫొటో ఐడీ, రెజ్యూమె మూడు కాపీలు, ఫొటోలు రెండు, వైర్ ఉన్న హెడ్‌సెట్ తేవాలట, ల్యాబ్‌లోకి ఫోన్ తేవద్దట. మాది ములుగు. పదిన్నర టెస్టుకి ఎనిమిదింటికే ఎందుకు? తొమ్మిదిన్నరకి వస్తే నడవదా? అంత పొద్దున ఒక్కదాన్నే అయితే పంపేది లేదంటున్నారు ఇంట్లో. ఇంకోటి, ఆధార్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, హాల్ టికెట్‌లో పూర్తిగా ఉంది. ఇబ్బంది అవుతుందా?"

నడవదు చెల్లె. తొమ్మిదిన్నరకి వస్తే గేటు బయటే ఉంటావు, లోపల నీ సిస్టమ్ ఖాళీగా ఉంటుంది. నేను హనుమకొండలో ఒక కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో ఆరేళ్లు చేశాను, ఇలాంటి నోటీసులు రాసిన చేయి నాది. అందుకని ఆ ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్తాను. అది తెలిస్తే ఇంట్లో వాళ్లకి చెప్పడం కూడా తేలికవుతుంది.

పూల్ డ్రైవ్ అంటే మూడు నాలుగు కాలేజీల పిల్లలు ఒకే చోటికి వస్తారు. 210 మంది అనుకో. గేటు దాటగానే వెరిఫికేషన్ టేబుళ్లు ఉంటాయి, మామూలుగా మూడు. టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి నీ హాల్ టికెట్ చూడాలి, ఐడీ చూడాలి, మొహం చూడాలి, లిస్టులో నీ నంబర్ వెతకాలి, సంతకం పెట్టించాలి, ల్యాబ్ నంబర్, సీటు నంబర్ రాసివ్వాలి. ఏ గొడవా లేని పిల్లకి నిమిషంన్నర పడుతుంది. ఒక్కో టేబుల్‌కి 70 మంది, మనిషికి నిమిషంన్నర చొప్పున లెక్కేస్తే 105 నిమిషాలు. ఎనిమిదింటికి మొదలైతే చివరి మనిషి టేబుల్ దాటేసరికి పావు తక్కువ పది. ఇది అందరి కాగితాలూ సరిగ్గా ఉంటేనే. ఒక్కడు "సార్, ఆధార్ ఫోన్‌లో ఉంది, ఫోన్ బ్యాగులో ఉంది, బ్యాగు బయట ఉంది" అన్నాడంటే ఆ టేబుల్ ఐదు నిమిషాలు ఆగిపోతుంది, వెనక ఉన్న అరవై మందీ ఆగిపోతారు.

పావు తక్కువ పది నుంచి పదిన్నర దాకా ఖాళీ అనుకోకు. ల్యాబ్ వెతుక్కోవాలి, కూర్చోవాలి, సిస్టమ్‌లో సెక్యూర్ బ్రౌజర్ తెరుచుకుంటుందో లేదో చూడాలి, వెబ్‌క్యామ్ నీ మొహాన్ని, నీ కార్డునీ ఫొటో తీసుకోవాలి, మైక్ పనిచేస్తుందో లేదో ఒక వాక్యం చదివించి వింటుంది. ప్రతి ల్యాబ్‌లో ఐదారు సిస్టమ్‌లు ఆ పొద్దున్నే మొరాయిస్తాయి, ముందు రోజు రాత్రి ఎంత చూసుకున్నా సరే. వాటి ముందు కూర్చున్న వాళ్లని వేరే సిస్టమ్‌కి మార్చాలి. ఆ ముప్పావు గంట దానికే సరిపోతుంది.

ఇక గేట్ క్లోజ్ తొమ్మిదింటికే ఎందుకంటే, చాలా కంపెనీలు వచ్చిన వాళ్ల లిస్టు ముందే అడుగుతాయి. తొమ్మిదింటికి గేటు మూసి, లోపల ఎంతమంది ఉన్నారో లెక్క తీసి, తొమ్మిదింపావుకల్లా హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టాలి. ఆ లిస్టులో ఉన్న వాళ్ల లాగిన్లే వాళ్లు యాక్టివేట్ చేస్తారు. తొమ్మిదిన్నరకి వచ్చిన పిల్లని జాలిపడి లోపలికి పంపినా లాగిన్ తెరుచుకోదు. వాచ్‌మన్ మీద, మా మీద పిల్లలకి కోపం రావడం మామూలే కానీ అప్పటికి తాళం మా చేతిలో ఉండదు. పైగా అది మీ కాలేజీ కాదు, అక్కడి వాచ్‌మన్‌కి నువ్వెవరో తెలియదు, మీ సార్ ఫోన్ చేసి చెప్పినా వింటాడన్న నమ్మకం లేదు.

కాబట్టి నీ నోటీసులో మూడు టైములున్నా నీకు సంబంధించింది ఒక్కటే, ఎనిమిది. తొమ్మిది అనేది బస్సు పంక్చరయిన వాళ్ల కోసం. పదిన్నర కంపెనీ వాళ్లది.

టైముల గురించి ఇంకో మాట, ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. ఒకసారి కంపెనీ మెయిల్‌లో టెస్ట్ టైం `06:30 UTC` అని వచ్చింది. నేను ఆ చివరి మూడు అక్షరాలు చూడలేదు. "ఉదయం 6:30కి టెస్ట్, రిపోర్టింగ్ 5:30" అని గ్రూపులో పెట్టేశాను. డిసెంబరు నెల. ఊళ్ల నుంచి రాలేమని ముందు రోజే వచ్చి స్నేహితుల రూముల్లో పడుకున్నారు పిల్లలు, ఐదున్నరకి మంచులో స్వెట్టర్లు వేసుకుని కాలేజీ మెట్ల మీద కూర్చున్నారు. ఆరున్నరకి లింకు తెరిస్తే ఇంకా ఐదున్నర గంటలు ఉందని చూపిస్తోంది. UTCకి ఐదున్నర గంటలు కలిపితే మన టైం వస్తుంది, అంటే అసలు టెస్ట్ మధ్యాహ్నం 12కి. ఆ రోజు క్యాంటీన్ అతన్ని ఇంటికెళ్లి లేపుకొచ్చి, అందరికీ నా జేబులోంచి ఉప్మా పెట్టించాను. అప్పటి నుంచి నోటీసులో టైం రాస్తే పక్కన ఉదయమో మధ్యాహ్నమో తెలుగులో రాస్తాను. నువ్వూ ఒక పని చెయ్యి. సెల్ వాళ్లు పెట్టిన నోటీసుని, కంపెనీ నుంచి నీ మెయిల్‌కి వచ్చిన ఇన్విటేషన్‌ని పక్కపక్కన పెట్టి చూడు. మెయిల్‌లో `05:00 UTC` అని ఉంటే అది మన పదిన్నర, సరిపోయినట్టే. `10:30 UTC` అని ఉంటే అది మన సాయంత్రం నాలుగు, అప్పుడు వెంటనే మీ కోఆర్డినేటర్‌ని అడుగు. `12:00 AM`, `12:00 PM` కూడా జనం తారుమారు చేసుకునేవే. PM అంటే మధ్యాహ్నం, AM అంటే అర్ధరాత్రి. నవ్వకు, ఫైనలియర్‌లో కూడా అడిగిన వాళ్లున్నారు.

ఇప్పుడు ములుగు నుంచి రావడం. బస్సు మల్లంపల్లి, గూడెప్పాడ్ మీదుగా హనుమకొండకి వస్తుంది, యాభై కిలోమీటర్లకి అటూ ఇటూ. గంటన్నర వేసుకో. హనుమకొండ బస్టాండ్‌లో దిగి కరీంనగర్ రోడ్డు వైపు వెళ్లే బస్సు పట్టుకోవాలి. ఎక్స్‌ప్రెస్‌లు కాలేజీ స్టేజీలో ఆపుతాయన్న గ్యారంటీ లేదు, పల్లె వెలుగు ఎక్కితే మంచిది. ఆ ఎదురుచూపుకి అరగంట, ప్రయాణానికి ఇరవై ఐదు నిమిషాలు, మెయిన్ రోడ్డు మీది గేటు నుంచి లోపల బ్లాకు దాకా నడకకి పది నిమిషాలు. మొత్తం రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలు. ఎనిమిదికి అక్కడుండాలంటే ఐదుంబావుకల్లా ములుగులో బస్సు కదలాలి. ఆ టైముకి బస్సు ఉందో లేదో మీ బస్టాండ్‌లో ఈ రోజే అడిగి తెలుసుకో, యాప్‌ని నమ్ముకుని కూర్చోకు. మేడారం జాతర రోజుల్లో అయితే ఈ లెక్కే పనికిరాదు. మామూలు సర్వీసులన్నీ అటే పోతాయి, గూడెప్పాడ్ దగ్గర బండ్లు కదలవు. ఆ వారంలో డ్రైవ్ పడితే మా వైపు పిల్లల్ని రెండు రోజుల ముందే రప్పించేవాళ్లం.

నా మాట అడిగితే శుక్రవారం సాయంత్రమే హనుమకొండ వచ్చెయ్. నయీంనగర్‌లోనో కిషన్‌పురాలోనో హాస్టల్లో ఉండే క్లాస్‌మేట్ ఎవరో ఒకరు ఉంటారు, ఆమె కూడా అదే డ్రైవ్‌కి వచ్చేదై ఉంటుంది. ఇంట్లో వాళ్లకి "పొద్దున ఐదింటికి ఒక్కదాన్నే పోతా" అనడం కన్నా "ముందు రోజు ఫ్రెండ్ దగ్గరికి పోయి, ఇద్దరం కలిసి పోతాం" అంటే ఒప్పుకోవడం తేలిక. అప్పుడు ఏడింటికి బయలుదేరినా ఎనిమిదింటికి గేటు దగ్గర ఉంటారు. ఇంట్లో ఇంకా అనుమానపడితే మీ ప్లేస్‌మెంట్ సెల్‌లో మేడమ్ ఎవరైనా ఉంటే నాన్నతో మాట్లాడించు. మేము ఎన్నోసార్లు అలా మాట్లాడాం, అది మా డ్యూటీలో భాగమే, మొహమాటపడకు.

ఇక నీ అసలు భయం, పేరు. దీని మీద కొంచెం నిదానంగా చెప్పాలి. మన దగ్గర ఇది ప్రతి డ్రైవ్‌లో పది పదిహేను మందికి వస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్ తీసిన రోజున ఆపరేటర్ ఒక్క అక్షరం కొట్టి వదిలేశాడు. తర్వాత కంపెనీ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు కనిపిస్తాయి, మనవాళ్లు సగం మంది ఇంటిపేరుని ఫస్ట్ నేమ్‌లో పెడతారు, మిగతా సగం లాస్ట్ నేమ్‌లో పెడతారు, కొందరు లాస్ట్ నేమ్ తప్పనిసరి అంటోంది కదా అని చుక్క పెట్టి వదిలేస్తారు. హాల్ టికెట్ ఆ ఫారం నుంచే తయారవుతుంది. అట్లా ఒకే మనిషికి మూడు కాగితాల మీద మూడు పేర్లు.

టేబుల్ దగ్గర ఉన్న మనిషి మన కాలేజీ సార్ అయితే చూసి నవ్వి పంపిస్తాడు, ఇంటిపేరు అక్షరంగా ఉండటం అతనికి కొత్త కాదు. అదే కంపెనీ తరఫున వచ్చిన బయటి రాష్ట్రం మనిషి కూర్చుంటే అతనికి ఆ అక్షరం ఏమిటో తెలియదు, పక్కన పెడతాడు. పక్కన పెట్టడమంటే పంపెయ్యడం కాదు, "తర్వాత చూద్దాం, అక్కడ నిలబడు" అనడం. అదే ప్రమాదం. ఎనిమిదింటికి వచ్చిన వాళ్లకి ఆ "తర్వాత"లో గంట ఉంటుంది, ఎనిమిది యాభైకి వచ్చిన వాళ్లకి పది నిమిషాలు కూడా ఉండదు. పేరులో తేడా ఉన్న వాళ్లు లైన్లో మొదటి ఇరవై మందిలో ఉండాలని నేను అందుకే చెప్పేవాణ్ని.

శనివారంలోపు నువ్వు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పాన్ కార్డు ఉందేమో చూడు. మామూలుగా ఫారం నింపి తీసుకున్న పాన్‌లో పేరు పూర్తిగా రాయాలి, ఇంటిపేరు గడిలో పొడి అక్షరం ఒప్పుకోరు, కాబట్టి అందులో నీ పేరు హాల్ టికెట్‌లాగే ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే ఆ కార్డే తీసుకెళ్లు, సమస్య అక్కడితో అయిపోయింది. కానీ ఇప్పుడు హడావుడిగా ఆన్‌లైన్‌లో ఇన్‌స్టంట్ ఈ-పాన్ తీసుకుందామనుకోకు, అది ఆధార్‌లో ఉన్న పేరునే తీసుకుంటుంది, అదే అక్షరం మళ్లీ వస్తుంది. పాస్‌పోర్టు, ఓటర్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సుల్లో ఏది ఉన్నా పేరు పోల్చి చూసుకో, సరిపోయింది తెచ్చుకో.

ఏదీ లేకపోతే రేపే మీ ప్లేస్‌మెంట్ సెల్‌కి వెళ్లి లెటర్ అడుగు. కాలేజీ లెటర్‌హెడ్ మీద నీ రోల్ నంబర్, హాల్ టికెట్‌లో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు రెండూ రాసి, ఈ రెండు పేర్లూ ఒకే విద్యార్థినివి అని ఒక్క వాక్యం రాసి, నీ ఫొటో అంటించి, ఫొటో మీద సగం పడేట్టు ముద్ర వేసి ఇస్తారు. పది నిమిషాల పని. దాంతో పాటు టెన్త్ మెమో ఒరిజినల్, ఒక జిరాక్స్ పట్టుకెళ్లు. లెటర్ కన్నా ముఖ్యమైంది ఇంకోటి. మీ కోఆర్డినేటర్‌తో ఆ కాలేజీకి వెళ్లే లిస్టులో నీ నంబర్ పక్కన "పేరులో తేడా, లెటర్ ఇచ్చాం" అని ముందే రాయించు. టేబుల్ దగ్గర లిస్టులోనే ఆ మాట కనిపిస్తే బయటి మనిషి కూడా ఆగడు. నాకు తెలిసి అలా రాయించుకున్న వాళ్లెవరూ వెనక్కి రాలేదు. కంపెనీ వాళ్లు మరీ పట్టుబడితే చివరి మాట వాళ్లదే, అది కూడా తెలిసి వెళ్లు.

ఆధార్‌లోనే సరిచేయించుకోవడం తర్వాత ఎలాగూ చేయాలి, జాయినింగ్ అప్పుడు పీఎఫ్ దగ్గర ఇదే గొడవ మళ్లీ వస్తుంది. కానీ అది రెండు రోజుల్లో అయ్యేది కాదు. పేరు మార్చుకునే అవకాశం ఆధార్‌లో జీవితంలో రెండుసార్లే ఇస్తారు, తొందరలో స్పెల్లింగ్ తప్పు కొట్టించుకుని ఒకటి పాడు చేసుకోకు.

ఒరిజినల్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. మహాలక్ష్మి ఉచిత బస్సు వచ్చాక మన ఆడపిల్లల బ్యాగులో ఆధార్ ఎప్పుడూ ఉంటోంది, కానీ చాలామంది దగ్గర ఉండేది జిరాక్సు, లేదంటే ఫోన్‌లో ఫొటో. కండక్టర్ ఒక్కోసారి చూసీ చూడనట్టు జీరో టికెట్ ఇస్తాడు, టేబుల్ దగ్గర అది నడవదు. కార్డే కావాలి. కార్డు పోయి ఉంటే ఆధార్ సైట్ నుంచి పీడీఎఫ్ దించి కలర్ ప్రింట్ తీయించు. ఆ ఫైలు పాస్‌వర్డ్ ఆధార్‌లో ఉన్నట్టు పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిష్ క్యాపిటల్ లెటర్లలో, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. దించేటప్పుడు నంబర్ దాచిన మాస్క్‌డ్ కాపీ కాకుండా మొత్తం నంబర్ కనిపించేది తీసుకో. కలర్ ప్రింట్‌ని చాలాచోట్ల ఒప్పుకుంటారు కానీ, హాల్ టికెట్ మీద "ప్రింట్లు చెల్లవు" అని ఉందేమో చదువు. డిజిలాకర్‌లో ఉందిలే అనుకోవడం మాత్రం పొరపాటు. లోపలికి ఫోనే రానివ్వనప్పుడు అందులో ఉన్నది ఎట్లా చూపిస్తావు? కాలేజీ ఐడీ కూడా మెడలో వేసుకో, అది గేటు కోసం, ఫొటో ఐడీకి బదులు కాదు. ఇంకో చిన్న సంగతి, లామినేట్ చేసిన కార్డుని వెబ్‌క్యామ్ ముందు పెడితే ల్యాబ్ ట్యూబ్‌లైటు దాని మీద మెరిసి మొహం తెల్లగా పడుతుంది, కార్డుని కొంచెం కిందికి వంచి పట్టుకుంటే సరిపోతుంది.

ఫోన్ తేవద్దు అన్న లైన్ దగ్గర పిల్లలు రెండు రకాలుగా మోసపోతారు. కొందరు నిజంగానే ఇంట్లో పెట్టి వస్తారు, తర్వాత లాగిన్ పేజీ ఓటీపీ అడుగుతుంది. కొందరు జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లి దొరికిపోతారు. ఫోన్ తెచ్చుకో, స్విచాఫ్ చేసి బ్యాగులో పెట్టి బ్యాగులు పెట్టే గదిలో వదిలెయ్. సైలెంట్ కాదు, స్విచాఫ్. అలారం సైలెంట్‌లో కూడా మోగుతుంది. వెళ్లే ముందు మెయిల్‌లో లాగిన్ ఎలాగో చదువు. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ అని ఉంటే రెండూ హాల్ టికెట్ వెనక పెన్నుతో రాసుకో. ఓటీపీ అని ఉంటే అది ఫోన్‌కి వస్తుందా, మెయిల్‌కి వస్తుందా అని మీ కోఆర్డినేటర్‌ని ముందే అడుగు, ఆ టైముకి ఫోన్లు చూసుకోనివ్వడానికి ఏర్పాటు వాళ్లు చేయాలి.

మెయిల్‌కి వచ్చేదైతే ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామంది అక్కడికి వెళ్లాక గానీ గుర్తించరు. ల్యాబ్ సిస్టమ్‌లో నీ జీమెయిల్ తెరవబోతే "మీ ఫోన్‌లో అవును అని నొక్కండి" అంటుంది. ఫోన్ పక్క గదిలో ఉంటుంది. దీనికి ముందే మందుంది. గూగుల్ అకౌంట్ సెట్టింగుల్లో సెక్యూరిటీలోకి వెళ్లి, టూ-స్టెప్ వెరిఫికేషన్ కింద బ్యాకప్ కోడ్‌లు అని ఉంటాయి, ఎనిమిదేసి అంకెలవి పది ఇస్తుంది. కాగితం మీద రాసి తెచ్చుకో. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఇంటికి రాగానే మిగిలినవి మార్చేసుకో.

హెడ్‌సెట్ లైన్ చూసి ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్లు బ్యాగులో వేసుకుంటావు, అందరూ అంతే. అవి ల్యాబ్‌లో సగం మాత్రమే పనిచేస్తాయి. ఫోన్ ఇయర్‌ఫోన్‌కి ఒక్కటే జాక్, అందులోనే మైక్, సౌండ్ రెండూ ఉంటాయి. పాత డెస్క్‌టాప్‌లకి మైక్‌కి ఒక రంధ్రం, సౌండ్‌కి ఒక రంధ్రం వేర్వేరుగా ఉంటాయి, గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు. ఆకుపచ్చలో పెడితే వినబడుతుంది, నువ్వు మాట్లాడేది మాత్రం రికార్డు కాదు. కమ్యూనికేషన్ రౌండ్‌లో నువ్వు చక్కగా చదివేస్తావు, సిస్టమ్‌కి నిశ్శబ్దం వినబడుతుంది, మార్కులు సున్నా వస్తాయి, ఎందుకు వచ్చాయో నీకు తెలియదు. టైప్-సి పిన్ ఉన్నవైతే అసలు పెట్టే చోటే ఉండదు. యూఎస్‌బీ హెడ్‌సెట్ ఎవరిదైనా ఒక రోజుకి అడిగి తెచ్చుకో, అది ఏ సిస్టమ్‌కైనా సరిపోతుంది. దొరక్కపోతే ఒక జాక్‌ని రెండుగా చేసే చిన్న వైరు ఉంటుంది, హనుమకొండ చౌరస్తా దగ్గర మొబైల్ సామాన్ల షాపుల్లో అడుగు. ఫోన్ హెడ్‌సెట్‌ని కంప్యూటర్‌కి పెట్టుకోవాలి అని చెప్పి అడుగు, లేకపోతే ఇద్దరు పాటలు వినే వైరు చేతిలో పెడతాడు. మైక్ టెస్ట్‌లో నీ గొంతు నీకు తిరిగి వినిపించాలి, గీతలు కదలడం ఒక్కటే చూసి "ఓకే" నొక్కకు, పక్క సీటు గొంతుకి కూడా గీతలు కదులుతాయి.

రెజ్యూమె, ఫొటోల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రెజ్యూమెలో ఫోన్ నంబర్, మెయిల్ ఫారంలో ఇచ్చినవే ఉండాలి. ఫొటో వెనక రోల్ నంబర్ రాయి. మెమోలన్నీ ఒక ఫైలులో జిరాక్సులు పెట్టుకో. టెన్త్ మెమో ఒరిజినల్ చూపించు, ఎవరికీ ఇచ్చి రాకు. టెస్ట్ రోజున ఒరిజినల్ ఎవరైనా పెట్టుకుంటాం అంటే మీ కోఆర్డినేటర్‌ని పిలువు.

టెస్ట్ మధ్యలో సిస్టమ్ ఆగిపోతే నువ్వే రీస్టార్ట్ చేయకు, బ్రౌజర్ మూయకు. చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌ని పిలిచి, స్క్రీన్ మీద ఎంత టైం మిగిలిందో, గోడ గడియారంలో ఎంతైందో రెండూ రఫ్ కాగితం మీద రాసుకో. చాలా ప్లాట్‌ఫారాల్లో అప్పటిదాకా పెట్టిన జవాబులు ఉంటాయి కానీ టైమర్ మాత్రం ఆగకపోవచ్చు. పోయిన నిమిషాలు కలిపించమని అడగాలంటే ఆ రెండు అంకెలే నీ దగ్గర ఉన్న ఆధారం. కరెంటు పోవడం వేరు, ల్యాబ్‌కి యూపీఎస్ ఉంటుంది, అందరికీ ఒకేసారి పోతే అందరికీ కలిపి చూస్తారు.

పొద్దున తినకుండా రాకు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా లోపలే ఉంటావు, బాగా దూరమైన క్యాంటీన్‌కి మధ్యలో వెళ్లనివ్వరు. నీళ్ల సీసా స్టిక్కర్ లేనిది అయితే ఒక్కోచోట లోపలికి రానిస్తారు.

చివరిగా తిరుగు ప్రయాణం. పదిన్నరకి మొదలై 90 నిమిషాలంటే పన్నెండుకి టెస్ట్ అయిపోతుంది, కానీ పన్నెండున్నరకి ములుగు బస్సెక్కేద్దామని ఇంట్లో చెప్పకు. పూల్ డ్రైవ్‌లలో చాలాసార్లు రెండు మూడింటికల్లా షార్ట్‌లిస్ట్ పెట్టి అదే సాయంత్రం ఇంటర్వ్యూలు మొదలుపెడతారు, రెజ్యూమె మూడు కాపీలు అడిగారంటే నాకైతే అదే అనిపిస్తోంది. అలా జరిగితే నీ వంతు వచ్చేసరికి ఏడు కావొచ్చు, ఎనిమిదీ కావొచ్చు. శనివారం రాత్రి కూడా ఆ ఫ్రెండ్ దగ్గరే ఉంటావని ఇప్పుడే ఇంట్లో చెప్పి ఉంచు. లిస్టులో పేరు లేకపోతే మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోవచ్చు.